ప్లేట్ ఫోటోలో 168 కాలనీలు, లేబుల్ మీద -4. అసలు పాలలో ఎన్ని ఉన్నట్టు?

పాలచుక్క
అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది. ప్రాజెక్టు పచ్చి పాల మీద. ఉదయం పితికిన పాలు ఊరి నుంచి బస్సులో తెచ్చాను, వరసగా డైల్యూషన్లు చేసి ప్లేట్ కౌంట్ అగార్ మీద 0.1 మి.లీ. చొప్పున పరిచాను, 32 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచాను. -3 ప్లేట్లు నిండిపోయాయి, లెక్కపెట్టే పని లేదు. -4 ప్లేట్ ఫోటో పెట్టాను చూడండి. ఫోటోను పెద్దది చేసి చుక్క చుక్కా టిక్కు పెట్టుకుంటూ లెక్కిస్తే 168 వచ్చాయి. నా లెక్క ఇది:

```
168 × 10^4 = 1.68 × 10^6 CFU/mL
```

మా సీనియర్ అదే ఫోటోను ImageJలో వేస్తే 214 చూపించింది. ఏది రాయాలి? రేపు సాయంత్రానికి గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

బీటెక్_బయో
పరిచింది 0.1 మి.లీ. కదా, అదీ ఒక పదో వంతు డైల్యూషనే. అంటే నీ ప్లేట్ -4 కాదు, -5. దాన్ని మళ్లీ 0.1తో భాగించాలి, ఫార్ములాలో పరిచిన వాల్యూమ్ ఉంటుంది కాబట్టి. మొత్తం 1.68 × 10^8 వస్తుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

పాత_ల్యాబ్_కోటు
బీటెక్ తమ్ముడూ, సగం దాకా సరిగ్గా వచ్చి అక్కడ తప్పావు. 0.1ని లెక్కలోకి తేవాలన్నది నిజమే, పాలచుక్క దాన్ని పూర్తిగా వదిలేసింది. కానీ తెచ్చేది ఒక్కసారే. -5 అని పిలిచావంటే అప్పటికే 0.1ని కలిపేసినట్టు, ఆ తర్వాత మళ్లీ భాగిస్తే ఒకే పదిని రెండుసార్లు వసూలు చేసినట్టు అవుతుంది.

అమ్మా పాలచుక్కా, లెక్క చేసేముందు నాకు మూడు సంగతులు చెప్పు. ఒకటి, ప్లేట్ మీద -4 అని రాసింది ట్యూబ్ నంబరా, ప్లేట్ నంబరా? కొన్ని ల్యాబుల్లో ట్యూబ్‌దే రాస్తారు, కొన్నిచోట్ల పరిచిన 0.1 కూడా కలిపి రాస్తారు. ఒకే బల్ల మీద ఇద్దరు రెండు రకాలుగా రాసి పది రెట్ల తేడాతో రిపోర్టులు ఇచ్చిన రోజులు నేను చూశాను. రెండు, ప్రతి ట్యూబ్‌లో ముందుగా నీళ్లు ఎన్ని పోశావు? మూడు, -4కి జోడీ ప్లేట్ ఉందా, -5 ప్లేట్లు ఏమయ్యాయి?

కాఫీ_డికాషన్
లక్షల్లో బ్యాక్టీరియానా!! మేం రోజూ ప్యాకెట్ పాలే వాడతాం, ఒక పొంగు వస్తే సరిపోతుందా, ఇంకాసేపు కాచాలా? పిల్లలు తాగుతారు, దయచేసి ఎవరైనా చెప్పండి.

పాత_ల్యాబ్_కోటు
ఇక్కడి లెక్క పచ్చి పాలది, ప్యాకెట్ పాలది కాదు. మీరు పొంగు రానిచ్చి కాచుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి, భయం లేదు. ఇక ఈ దారం పాలచుక్కకి వదిలేద్దాం.

పాలచుక్క
సార్, -4 అన్నది ట్యూబ్ నంబరే. అందులోంచి 0.1 మి.లీ. తీసి పరిచాను. జోడీ ప్లేట్ ఉంది, ఇంకా లెక్కించలేదు. -5 ప్లేట్లు రెండూ ఉన్నాయి, తక్కువే వచ్చాయి కాబట్టి పక్కన పెట్టాను. ట్యూబుల్లో 10 మి.లీ. చొప్పున పోసి ఆటోక్లేవ్ చేశాను, తర్వాత 1 మి.లీ. చొప్పున కలుపుకుంటూ వెళ్లాను. వన్ ఈజ్ టు టెన్ అన్నారు కదా.

లెక్కల_గిరి
ఆగండాగండి. పదిలో ఒకటి కలిపితే పదకొండు. పదో వంతు కావాలంటే తొమ్మిదిలో ఒకటి కలపాలి. ఒక్క ట్యూబ్‌లో ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ నాలుగు మెట్లు దిగేసరికి చూడండి:

```
10 × 10 × 10 × 10 = 10000
11 × 11 × 11 × 11 = 14641
```

ఒకటిన్నర రెట్లకి కొంచెం తక్కువ. మీ -4 ట్యూబ్ అసలు -4 కాదు. నేను లెక్కల టీచర్ని, మీ బ్యాక్టీరియా సంగతి నాకు తెలియదు, కానీ మా ఇంట్లో పులిహోరకి చింతపండు పులుసు పలచన చేసేటప్పుడు కూడా ఈ గొడవే.

బీటెక్_బయో
లాగ్‌లో చూస్తే 0.17 కూడా రాదు అది. మైక్రోబయాలజీలో అర లాగ్ తేడాని ఎవరూ పట్టించుకోరు. 10 అని రాసేయ్, అయిపోతుంది.

పాత_ల్యాబ్_కోటు
పట్టించుకోకపోవడం వేరు, తెలిసి తెలిసి తప్పు అంకె రాయడం వేరు. రెండు వేర్వేరు చేతులు చేసిన ప్లేట్లు పావు లాగ్ అటూ ఇటూ ఉంటే నేనూ కంగారు పడను. కానీ ఇది అటూ ఇటూ ఊగే తేడా కాదు, ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంది. ఇరవై శాంపిళ్లు చేసినా ఇరవైలోనూ తక్కువే చూపిస్తుంది, సగటు తీస్తే పోయేది కాదు.

ముందు కాలనీల సంగతి తేలుద్దాం. ఫోటోలో కాదమ్మా, ప్లేట్ చేతిలోకి తీసుకుని లెక్కించు. ప్లేట్ బోర్లించి, అడుగున గాజుపెన్నుతో ఒక్కో కాలనీ మీద చుక్క పెట్టుకుంటూ పో. నాలుగు ప్లేట్లూ చెయ్యి. చుక్క పెట్టకుండా కంటితో లెక్కిస్తే ఎనభై దాటాక ఎవరైనా తప్పుతారు.

పిక్సెల్_పిచ్చి
ఫోటో మీద నాలుగు మాటలు చెప్తాను, నా పని ఇదే. ఆ 214 ఎలా వచ్చిందో నేను చేసి చూశాను. మూత తియ్యకుండా తీశారు, మూత లోపల చెమ్మ ఉంది, పైన ట్యూబ్‌లైట్ తెల్లగా మెరుస్తోంది. ఆ మెరుపు ముక్కలు ముక్కలుగా విరిగి తొమ్మిదో పదో కాలనీలుగా లెక్కలోకి వచ్చాయి. మీరు మార్కర్‌తో రాసిన తేదీ, "-4 A" కూడా కాలనీలే అనుకుంది పాపం, తేదీలోని రెండు సున్నాలు దానికి మహా అందమైన గుండ్రటి కాలనీలు. ఇంకొకటి, నాలుగు గంటల దిక్కున అంచు దగ్గర ఒక పెద్ద పాకుడు కాలనీ ఉంది కదా, వంకరటింకరగా. దాన్ని Watershed ఆరు ముక్కలు చేసింది.

ఇలా చేయండి. మూత తీసి, ప్లేట్ కింద నల్ల గుడ్డ పరిచి, వెలుతురు పక్క నుంచి పడేలా కిటికీ దగ్గర పెట్టి, ఫోన్‌ను కొంచెం ఎత్తులో నిటారుగా పట్టుకుని జూమ్ చేసి తీయండి. దగ్గరగా పెడితే అంచు వంగుతుంది, అంచులో కాలనీలు నక్కుతాయి. తర్వాత అగార్ భాగం వరకే గుండ్రంగా ఎంచుకుని Edit > Clear Outside కొట్టండి, రాతలు, అంచులు పోతాయి. రాత కాలనీల మీదుగా ఉంటే మాత్రం ఏమీ చేయలేం.

```
Image > Type > 8-bit
Image > Adjust > Threshold, తర్వాత Apply
Process > Binary > Watershed
Analyze > Analyze Particles
```

ఆఖరి దాంట్లో Size కనిష్ఠం ఎంత పెడతారన్నదే అసలు కిటుకు. సున్నా పెడితే దుమ్ము కూడా వస్తుంది. ఎక్కువ పెడితే సూదిమొనంత కాలనీలు పోతాయి. మీ ప్లేట్‌లో అలాంటి చిన్నవి చాలా ఉన్నట్టున్నాయి.

రొయ్యల_రాజు
నాదీ ఇదే బాధ అన్నా. మాది భీమవరం పక్క, వనామీ చెరువులు. ల్యాబ్ వాళ్లు చెరువు నీళ్లు టీసీబీఎస్ ప్లేట్ మీద వేసి వాట్సాప్‌లో ఫోటో పెడతారు, కింద "కౌంట్ 3000" అని ఉంటుంది. ఫోటోలో నేను లెక్కపెడితే 300 కూడా లేవు. పచ్చవి, పసుపువి విడివిడిగా రాయమంటే రాయరు. వాళ్లు సున్నా ఒకటి ఎక్కువ వేస్తున్నారా?

పాత_ల్యాబ్_కోటు
రాజుగారూ, సున్నా సరైనదే అయుండొచ్చు. మీ నీళ్లను పలచన చేయకుండా నేరుగా 0.1 మి.లీ. పరిచి ఉంటారు, 300 కాలనీలు వస్తే ఒక మి.లీ.లో 3000 అన్నట్టు. పాలచుక్క వదిలేసింది ఆ సున్నానే. ఎంత వాల్యూమ్ పరిచారు, పలచన చేశారా అని వాళ్లను అడగండి, అది రాయని రిపోర్టుతో మీకు పని లేదు. రంగుల సంగతి మాత్రం ప్లేట్ నిండా పసుపు పరుచుకుంటే నమ్మకండి. పసుపు కాలనీలు పంచదారని పులియబెట్టి వదిలే ఆమ్లం అగార్‌లోకి పాకి పక్కన ఉన్న పచ్చవాటిని కూడా పసుపుగా చూపిస్తుంది. అలాంటప్పుడు పలచన చేసి మళ్లీ వేయించాల్సిందే.

పిక్సెల్_పిచ్చి
ఇంకో మాట రాజుగారూ, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది నొక్కేస్తుంది, చిన్న కాలనీలు అగార్ రంగులో కలిసిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి.

రొయ్యల_రాజు
సరే అన్నా, అడుగుతా. మా ల్యాబ్ కుర్రాడు డాక్యుమెంట్ అంటే పీడీఎఫ్ పంపేలా ఉన్నాడు.

పాలచుక్క
లెక్కించాను. ఒక్కో ప్లేట్ రెండుసార్లు. -4 A (ఫోటోలోది) 181. -4 B 169. -5 ప్లేట్లు 14, 19. ఫోటోలో 168 వచ్చిన ప్లేట్ చేతిలో 181 వచ్చింది. తేడా పదమూడు ఎక్కడివా అని చూస్తే తొమ్మిది అంచు దగ్గరవి, సూదిమొనంత, ఫోటోలో అస్సలు లేవు. నాలుగు జంట కాలనీలు, ఫోటోలో ఒక్కొక్కటిగా కనిపించాయి, ప్లేట్‌ను వెలుతురుకు వంచితే మధ్యలో నొక్కు ఉంది. పిక్సెల్ అన్న చెప్పినట్టు మళ్లీ ఫోటో తీసి ImageJలో వేస్తే 176. పర్వాలేదు కదా?

పాత_ల్యాబ్_కోటు
176కీ 181కీ తగాదా లేదు. ప్లేటే అంతకన్నా ఎక్కువ ఊగుతుంది. కానీ మొదటి 214 చూడు, అందులో అసలు కాలనీలు కొన్ని తప్పిపోయాయి, లేనివి చాలా వచ్చి చేరాయి. రెండు తప్పులూ కలిసి ఒక్కోసారి సరైన అంకె దగ్గరికే వచ్చేస్తాయి, అది ఇంకా ప్రమాదం. అందుకే సాఫ్ట్‌వేర్ అంకె కాకుండా, అది గీసిన గీతల్ని ఫోటో మీద పెట్టి చూడాలి.

ఇక లెక్క. 25 నుంచి 250 మధ్య ఉన్న ప్లేట్లు తీసుకోవడం అమెరికా ఎఫ్‌డీఏ పద్ధతి, మా పాతకాలంలో 30 నుంచి 300. నీ -4 ప్లేట్లు ఎలా చూసినా లోపలే ఉన్నాయి. సగటు 175.

```
175 / (0.1 × 1/14641) = 175 × 146410 ≈ 2.6 × 10^7 CFU/mL
```

అంటే మి.లీ.కి రెండు కోట్ల అరవై లక్షలు. నువ్వు మొదట రాసింది పదహారు లక్షల ఎనభై వేలు.

లెక్కల_గిరి
పదిహేను రెట్లు! అందులో పది రెట్లు ఆ 0.1 వల్ల, ఒకటిన్నర రెట్లు పదకొండు వల్ల, కాలనీలు తప్పు లెక్కించడం వల్ల వచ్చింది నూటికి నాలుగు మాత్రమే. అందరం ఫోటో మీద పడి కొట్టుకున్నాం.

ఒక సందేహం. -4 సగటు 175, -5 సగటు 16.5. భాగిస్తే 10.6. పదికీ పదకొండుకీ మధ్యలో ఉంది. ఈ ప్లేట్లనే అడిగి పదా పదకొండా తేల్చుకోలేమా?

పాత_ల్యాబ్_కోటు
తేల్చుకోలేం గిరిగారూ. 14, 19 చూశారుగా, ఒకే ట్యూబ్ నుంచి ఒకే చేత్తో పరిచినవి. సగటున 16 రావాల్సిన ప్లేట్‌లో 8 వచ్చినా 24 వచ్చినా ఆశ్చర్యం లేదు, వర్గమూలానికి రెట్టింపు అటూ ఇటూ. పది మెట్టు అయితే 17.5 రావాలి, పదకొండు అయితే 15.9. ఆ ఊగిసలాటలో ఒకటిన్నర కాలనీ తేడా ఎలా కనిపిస్తుంది? 10.6 రావడం అదృష్టం అంతే. ఈ -5 ప్లేట్ల వల్ల లాభం వేరే ఉంది. అక్కడ 60, 70 వచ్చి ఉంటే టిప్ మార్చకుండా ట్యూబ్ నుంచి ట్యూబ్‌కి వెళ్లావని పట్టుకునేవాణ్ని, పై ట్యూబ్ పాలు టిప్‌కి అంటుకుని కిందికి దిగుతాయి. అది జరగలేదు. మంచి చెయ్యే.

-4 ప్లేట్లు రెండూ కలిపి 350 కాలనీలు, వర్గమూలం సుమారు 19, రెట్టింపు 37. అంటే నూటికి పది పదకొండు అటూ ఇటూ. పిపెట్ తప్పులు ఇందులో లేవు.

డల్లాస్_శీను
ఇక్కడ డెయిరీ ప్లాంట్‌లో క్వాలిటీ చూస్తాను. మేం బాటిల్లో 99 మి.లీ. పెట్టి 1 మి.లీ. కలుపుతాం, 100 కాదు. నేను చేరిన కొత్తలో ఆ 99 ఏంటి, కక్కుర్తి కాకపోతే అనుకున్నా. ఇంతకీ అడగాల్సింది ఎవరూ అడగలేదు: 10 మి.లీ. పోశావు సరే, ఆటోక్లేవ్ నుంచి బయటికి వచ్చాక 10 ఉన్నాయా? దూది బిరడా పెట్టిన ట్యూబుల్లో కొంత ఆవిరి అయిపోతుంది. అందుకే మేం కొంచెం ఎక్కువ పోసి, తర్వాత కొలతలో ఉన్నవే వాడతాం.

పాలచుక్క
దూది బిరడాలే. ఇప్పుడేం చేయాలి, ఆ ట్యూబులు కడిగేశాను.

డల్లాస్_శీను
అదే బ్యాచ్‌వి వాడనివి మిగిలి ఉంటే తూకం వెయ్యి. ట్యూబ్‌తో తూచి, నీళ్లు పారబోసి ఆరబెట్టి మళ్లీ తూచు. గ్రాముకి మి.లీ., అంతే.

పాలచుక్క
మూడు మిగిలాయి. 9.6, 9.7, 9.5 గ్రాములు వచ్చాయి. సగటు 9.6. అంటే మెట్టు 11 కాదు, 10.6.

```
10.6^4 ≈ 12625
175 × 126250 ≈ 2.2 × 10^7 CFU/mL
```

రెండు కోట్ల ఇరవై లక్షలు. ఇదే రాయనా?

బీటెక్_బయో
చూశారా, మీ పదకొండు కూడా తప్పే. పది అని రాసుంటే 1.75, పదకొండుతో 2.6, ఇప్పుడు 2.2. నేను మొదటే చెప్పాను, పట్టించుకోవద్దని.

లెక్కల_గిరి
నువ్వు మొదట చెప్పింది పదహారు కోట్ల ఎనభై లక్షలు నాయనా.

పాత_ల్యాబ్_కోటు
గిరిగారూ, వదిలేయండి 😄

అమ్మా, నేనైతే 2.2 రాస్తాను, దాని పక్కనే ట్యూబుల్లో నీళ్లు 9.6 మి.లీ. అని తూచి చూశానని, ఆ తూచినవి మిగిలిన ట్యూబులని, వాడినవి కావని కూడా రాస్తాను. వాడిన నాలుగింటిలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు, ఆటోక్లేవ్‌లో పక్కకు ఉన్న ట్యూబూ మధ్యలో ఉన్న ట్యూబూ ఒకేలా ఆరవు. మా ల్యాబ్‌లో అయితే ఈ రిపోర్ట్ సంతకానికి వెళ్లేది కాదు, తొమ్మిది మి.లీ. ట్యూబులతో మళ్లీ చేయించేవాణ్ని. నీది ప్రాజెక్టు, గైడ్ ఏమంటారో చూడు.

ఇంకో ప్రశ్న. ఆ పాలు బస్సులో ఎంతసేపు ఉన్నాయి, ఐసు పెట్టావా?

పాలచుక్క
నాలుగున్నర గంటలు సార్. ఐసు పెట్టలేదు. ల్యాబ్‌కి వచ్చేసరికి కొంచెం పులుపు వాసన వచ్చింది, మిగిలినవి మా హాస్టల్ అక్క కాచితే విరిగిపోయాయి.

డల్లాస్_శీను
అయితే ఆ రెండు కోట్లు పాడావు పొదుగువి కాదు, బస్సువి 😀 యూరప్‌లో పచ్చి ఆవుపాలకి మి.లీ.కి లక్ష దాటకూడదంటారు. పాలు విరిగాయి అంటే అంకె నమ్మదగ్గదే, 16 లక్షలు అని రాసుంటే ఆ విరగడానికి నేను వేరే కారణం వెతికేవాణ్ని.

పాత_ల్యాబ్_కోటు
కాచగానే విరగడానికి కోటి దాటాలన్న రూలేమీ లేదు శీనూ, పులుపు వల్ల విరుగుతాయి, ఏ రకం బ్యాక్టీరియా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ పులుపు వాసన వచ్చాక కోట్లలో ఉంటే నాకు వింత కాదు. ఇంకో సంగతి, పాలలో గొలుసులు కట్టే రకాలుంటాయి, పది కణాల గొలుసు మొత్తం కలిసి ఒక్క కాలనీ అవుతుంది. ట్యూబ్‌ని ఎంత గట్టిగా కుదిపావన్నదాన్ని బట్టే అంకె మారుతుంది. నువ్వు ఎన్నిసార్లు కుదిపావు?

పాలచుక్క
ప్రతి ట్యూబ్ వోర్టెక్స్ మీద పది సెకన్లు పెట్టాను. మొదటి పాల సీసాను మాత్రం… చేత్తో రెండు మూడుసార్లు తిప్పానంతే.

పాత_ల్యాబ్_కోటు
మీగడ పైన తేలి ఉన్న సీసాను రెండు మూడుసార్లు తిప్పావా. పాతిక సార్లు కుదపాలమ్మా, పైకీ కిందకీ. మీగడతో పాటు బ్యాక్టీరియా కూడా పైకి తేలుతుంది, నీ 1 మి.లీ. పైనుంచి తీశావా, అడుగునుంచా?

పాలచుక్క
మధ్యలోంచి అనుకుంటా. గుర్తులేదు. సరే సార్, ఈ ఆదివారం మళ్లీ ఊరెళ్తున్నాను, ఈసారి ఐసు డబ్బా తీసుకెళ్తా. ట్యూబుల్లో 9 మి.లీ. ఉండాలంటే ఆటోక్లేవ్‌కి ముందు ఎంత పొయ్యాలి?

డల్లాస్_శీను
నీ ఆటోక్లేవ్ 0.4 తింటోంది కదా, 9.4 పోసి ఒక బ్యాచ్ చేసి తూచి చూడు. లేదంటే సీసాలో ఒకేసారి స్టెరిలైజ్ చేసి, చల్లారాక స్టెరైల్ పిపెట్‌తో 9 చొప్పున ట్యూబుల్లో పోసుకో. నాకైతే రెండోదే నచ్చుతుంది.

రొయ్యల_రాజు
మా ల్యాబ్ కుర్రాణ్ని అడిగాను. 0.1 నేరుగానే వేశాడంట, పలచన చేయలేదంట. పచ్చవి ఎన్ని అంటే "అన్నీ పసుపే అన్నా" అన్నాడు. ప్లేట్ నిండా పసుపే ఉంది మరి. రేపు పలచన చేసి వేయమన్నా, తొమ్మిదిలో ఒకటి అని మరీ చెప్పా.